అరుగు మీద పుట్టిన అడ్డా

మన దగ్గర అడ్డా అంటే తెల్లారకముందే పని కోసం కూలీలు వచ్చి నిలబడే చౌరస్తా, లేదంటే ఆటోలు ఆగే మూల. మాట వినగానే ఒక చోటు కళ్ల ముందుకొస్తుంది. కోల్‌కతాలో అదే మాట అంటే చోటుతో పాటు అక్కడ చేరే మిత్రులు, వాళ్ల మధ్య గంటల తరబడి సాగే కబుర్లు, రోజూ అలా చేరే అలవాటు, అన్నీ కలిసే వస్తాయి. బెంగాలీలు మొదటి అక్షరానికి దీర్ఘం తీసి ‘ఆడ్డా’ అంటారు.

ఆ మాటను వాళ్లు ఎన్ని క్రియలతో వాడతారో చూస్తే దాని విస్తృతి తెలుస్తుంది. అడ్డా ‘ఇస్తారు’, అడ్డా ‘కొడతారు’. సాయంత్రమయ్యేసరికి అడ్డా ‘కూర్చుంటుంది’. నలుగురూ చేరి మాటలు ఊపందుకుంటే అడ్డా ‘జమింది’ అంటారు, పాలు పెరుగుగా తోడుకున్నట్టన్నమాట. అది లేకుండా ఉండలేని మనిషి అడ్డాబాజ్. మనమూ బాతాఖానీ కొడతాం, పిచ్చాపాటీ మాట్లాడుకుంటాం. కానీ మన బాతాఖానీ ఎక్కడా కూర్చోదు. మన రచ్చబండకు చోటుంది గాని, అక్కడ తగువులూ తీర్పులూ కూడా ఉంటాయి. బెంగాలీ మాట ఈ రెంటినీ ఒక్కటి చేసింది.

ఇంగ్లీషులో ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి. చాట్ అంటే కాసేపటి ముచ్చట. గాసిప్ అంటే అక్కడ లేని మనిషి గురించి చెప్పుకునేది. కాన్వర్సేషన్‌కు చోటూ అలవాటూ అక్కర్లేదు. హ్యాంగౌట్‌లో మాటలు లేకపోయినా ఫర్వాలేదు. అంతమాత్రాన ఇంగ్లీషువాళ్లకు కబుర్ల రుచి తెలియదనుకుంటే పొరపాటు. లండన్ కాఫీ హౌస్‌లు ఒకప్పుడు కబుర్లతోనే బతికాయి. 1764లో శామ్యూల్ జాన్సన్, చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ కలిసి ఒక మిత్రబృందాన్ని మొదలుపెట్టారు. దాని పేరే ‘ది క్లబ్’. వారానికోసారి, సోమవారం సాయంత్రం, ఒక సత్రంలో భోజనం చేస్తూ మాట్లాడుకునేవారు. మాటల్లో వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ కొత్తవాడు రావాలంటే సభ్యులు ఓటు వేసి ఒప్పుకోవాలి. వారమూ వేళా ముందే ఖాయం. తీరిక కబుర్లను కూడా ఆ సమాజం సభ్యత్వంతో, నియమంతో కట్టుకుంది. అందుకే వాళ్లకు క్లబ్ అనే మాట దొరికింది, అడ్డాకు సరిపడే మాట అవసరం పడలేదు. నాకు తోచిన కారణం ఇది.

అడ్డాకు సభ్యత్వం లేకపోవడానికి కారణం అది పుట్టిన చోటే. ఉత్తర కోల్‌కతా పాత ఇళ్లు నేరుగా వీధిలోకి తెరుచుకుంటాయి. గుమ్మం పక్కన గోడకానుకుని సిమెంటుతోనో రాతితోనో కట్టిన అరుగు ఉంటుంది. దాన్ని రోయాక్ అంటారు, వాడుకలో ‘రక్’. మన పల్లెల్లో వీధి అరుగు ఎలాంటిదో అదీ అలాంటిదే. అరుగు ఇంటివాళ్లది, దాని మీద కూర్చునే హక్కు మాత్రం వీధిది. ఎవరూ ఎవరినీ పిలవరు. దారిన పోతున్నవాడు ఆగుతాడు, ఓ చెయ్యి జరిగి చోటిస్తారు. టీ తెప్పించుకుంటే ఎవరి డబ్బులు వాళ్లవి. మరమరాల పొట్లం మాత్రం అందరిదీ. గృహస్థు అంటూ లేడు కనుక ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు. చరిత్రకారుడు దీపేశ్ చక్రవర్తి అడ్డా మీద రాసిన అధ్యయనంలో పట్టి చూపించిన తేడా ఇదే. జమీందారు బైఠక్‌ఖానాలో జరిగే మజ్లిస్‌లో ఖర్చు పెట్టే పెద్దమనిషి ఒకడుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన మాటకు తల ఊపక తప్పదు. అడ్డాలో ఆ పోషకుడు లేడు.

అరుగు మీద ఒక సాయంత్రం ఎలా నడుస్తుందో చూడండి. మొదట ఫుట్‌బాల్ వస్తుంది. మోహన్ బగాన్ నిన్న ఎందుకు ఓడిందో అని మొదలై, ఈస్ట్ బెంగాల్ అభిమానులు ఏ జిల్లాల నుంచి వచ్చారో అన్నదాకా పోతుంది. ఆ జిల్లాల పేరెత్తగానే పద్మా నది హిల్సా చేప వస్తుంది, గంగ హిల్సాతో పోలిక వస్తుంది, పోలికతో గొడవ వస్తుంది. గొడవలో ఎవరో దేశ విభజన ఎత్తుతారు. అరగంటకల్లా అందరూ రాజకీయాల్లో ఉంటారు. ఏదీ తేలదు. తేల్చాలని ఎవరైనా పట్టుబడితే మిగతావాళ్లకు చిరాకు. అడ్డా చెడిపోవడానికి సూటి దారి ఇదే: ఒకడు ఉపన్యాసం మొదలుపెట్టడం, లేదా వచ్చిన పని చెప్పుకోవడం. వచ్చినవాడు అప్పు అడగడానికో, సిఫారసు కోసమో వచ్చాడని తెలిసిన క్షణాన అరుగు మీద గాలి మారిపోతుంది.

నియమాలు పెట్టిన అడ్డా కూడా ఒకటుంది, దాని గతి ఏమైందో చెప్పాలి. సుకుమార్ రాయ్ ఇంగ్లండులో ముద్రణ విద్య చదివి వచ్చాక, 1915 ప్రాంతంలో మిత్రులతో ‘మండే క్లబ్’ పెట్టాడు. పేరూ రోజూ రెండూ లండన్ పద్ధతే. భాషావేత్త సునీతికుమార్ చటర్జీ, గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ అందులో వాళ్లే. సాహిత్యమూ తత్వమూ చర్చించేవారు, తిండి కూడా అంతే శ్రద్ధగా సాగేది. బెంగాలీలో మొండా అంటే ఒక మిఠాయి. చివరికి అది ‘మొండా క్లబ్’ అయి కూర్చుంది.

సుకుమార్ కొడుకు సత్యజిత్ తరం వచ్చేసరికి అరుగుల మాటలు కాఫీ హౌస్‌లకూ పాకాయి. 1940లలో ప్రకటనల కంపెనీలో పనిచేస్తున్న సత్యజిత్ రాయ్, కమల్‌కుమార్ మజుందార్, చిదానంద దాస్‌గుప్తా, కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త సెంట్రల్ అవెన్యూ కాఫీ హౌస్‌లో చేరేవారు. మాటలు ఎక్కువగా సినిమాల మీద. 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ మొదలైంది ఈ మిత్రుల చేతుల మీదుగానే. అలాగని ‘పథేర్ పాంచాలీ’ని అడ్డా ఖాతాలో వేసేయకూడదు. సొసైటీకి చందాలు, ప్రదర్శనలు, పద్ధతులు కావలసి వచ్చాయి. పని మొదలైన చోట అడ్డా ఆగుతుంది, మర్నాడు మరో బల్ల దగ్గర మళ్లీ మొదలవుతుంది.

కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో ఇప్పటికీ పాలు లేని నల్ల కాఫీని ‘ఇన్ఫ్యూజన్’ అంటారు. ఒక్క కప్పు ముందు పెట్టుకుని గంటలు గంటలు కూర్చునే విద్యార్థులను లేపి పంపకపోవడం అక్కడి మర్యాద. కాఫీ బోర్డు చేతిలోంచి జారిపోయిన ఈ కాఫీ హౌస్‌ను 1950ల చివర్లో పనివాళ్ల సహకార సంఘం నడపడం మొదలుపెట్టింది. కప్పుకెంతసేపు అని లెక్క కట్టే యజమాని ఉండి ఉంటే ఆ బల్లలు ఎప్పుడో ఖాళీ అయ్యేవి.

అడ్డా మీద ఉన్న ఫిర్యాదులూ నిజమైనవే. నీరద్ చౌధురి 1951లో వచ్చిన ఆత్మకథలో దాన్ని గట్టిగానే విమర్శించాడు. కుర్రాళ్లు పనీపాటా లేకుండా కూర్చుంటారని ‘రక్‌బాజ్’ అనే తిట్టు పుట్టింది. వీటికంటే పెద్దది ఆడవాళ్ల లేమి. అరుగు మీద రాత్రి తొమ్మిదిదాకా కూర్చున్నవాడికి లోపల అన్నం వండి, ఎదురుచూసి, వడ్డించింది ఎవరు? వాళ్ల కబుర్లకు మధ్యాహ్నం మేడ మీద, చెరువు మెట్ల మీద చోటుండేది గాని, అడ్డా అన్న గౌరవం దానికి చాలాకాలం దక్కలేదు. కాలేజీల్లో చేరిన అమ్మాయిలు కాఫీ హౌస్ బల్లల దగ్గర తమంతట తామే కుర్చీలు లాక్కుని కూర్చున్నాకే అది మారింది.

కొత్త అపార్టుమెంట్లకు రోయాక్ ఉండదు. గేటు, కాపలాదారు, కింద కార్ల పార్కింగు ఉంటాయి. దారిన పోయేవాడు ఆగి కూర్చునే చోటు లేదు. రావాలంటే ఫలానా ఫ్లాటు అని చెప్పి, పుస్తకంలో పేరు రాసి, లోపలికి పోవాలి. అందుకే ఇప్పుడు అడ్డా టీ కొట్టు బల్ల మీదికి దిగింది. అక్కడా కుండ కప్పు ఖాళీ అయ్యాక లేవమనేవాళ్లు లేరు.