బొమ్మ ఆగితే అమ్మ చదివే కాగితం

రాత్రి ఏడున్నరకి తణుకు నుంచి అమ్మ ఫోన్ వచ్చిందంటే టీవీలో బొమ్మ ఆగిపోయిందనే అర్థం. "ఏరా, ఆ కోడలు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది" అంటుంది. హైదరాబాద్‌లో బస్సులో నిలబడి ఏ మీట నొక్కాలో చెప్పడం నావల్ల కాక, ఒకసారి కాగితం మీద రాసిచ్చాను: టీవీ ఆపి మళ్లీ వెయ్యి. అప్పటికీ రాకపోతే రూటర్ రీస్టార్ట్ చెయ్యి. రెండు వాక్యాలే. రెంటిలోనూ తప్పుంది.

మొదటిది టీవీ సంగతి. రిమోట్‌తో ఆపితే స్మార్ట్ టీవీ మామూలుగా పూర్తిగా ఆగదు. తెర చీకటి చేసుకుని కునుకు తీస్తుందంతే. లోపల ఇరుక్కుపోయిన యాప్ అలాగే ఉండి, మళ్లీ మీట నొక్కగానే అదే మొహంతో లేచి కూర్చుంటుంది. గోడ స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేస్తేనే టీవీ మొదట్నుంచి మొదలవుతుంది.

రెండో తప్పుకి మూల్యం ఎక్కువ. రీస్టార్ట్ అన్న మాట అమ్మకి ఆ డబ్బా మీద ఎక్కడా కనపడలేదు. RESET అని మాత్రం కనపడింది, పక్కనే సన్నని రంధ్రం. జడపిన్ను పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆ రంధ్రంలోని మీటని పది సెకన్లు నొక్కితే చాలా డబ్బాలు అన్నీ మరిచిపోతాయి. వైఫై పేరు, పాస్‌వర్డ్, కనెక్షన్ ఇచ్చినవాళ్లు అందులో పెట్టిన యూజర్ ఐడీ, అన్నీ పోయాయి. నెట్ కుర్రాడు వచ్చి సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడా రంధ్రం మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ ముక్క ఉంది.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు కాగితం కొత్తగా రాశాను. ఈసారి అందులో రూటర్ లేదు, అమ్మ మాటలో "వైఫై డబ్బా" ఉంది. ఏ స్విచ్ దేనిదో తెలియడానికి అమ్మ బొట్టుబిళ్లలే వాడాను. టీవీ స్విచ్ పక్కన ఒకటి, వైఫై డబ్బా స్విచ్ పక్కన రెండు. కళ్లజోడు కనపడనప్పుడు వేలితో తడిమినా తెలుస్తుంది.

రాసి ఊరుకోలేదు. కాగితం అమ్మ చేతికిచ్చి, నోరు మెదపకుండా మంచం మీద కూర్చున్నాను. రెండో మెట్టులోనే ఆగిపోయింది. "స్విచ్ ఆపినా దీపాలు ఆరలేదేరా?" ఎందుకారతాయి! వేసవిలో కరెంటు పోతున్నదని ఆ డబ్బాకి చిన్న యూపీఎస్ తగిలించింది నేనే. గోడ స్విచ్ ఆపితే అది బ్యాటరీ మీద హాయిగా నడుస్తోంది. రెండు బొట్లనీ పీకి డబ్బా వెనకున్న పవర్ మీట పక్కన అతికించాను. చివరికి కాగితం ఇలా తేలింది:

1. ఒక బొట్టున్న స్విచ్ ఆపు.
2. వైఫై డబ్బా వెనక రెండు బొట్ల మీట నొక్కు. దీపాలన్నీ ఆరిపోవాలి.
3. మెల్లగా అరవై లెక్కపెట్టు.
4. రెండు బొట్ల మీట మళ్లీ నొక్కు. దీపాలు వెలిగాక, పెరటి తలుపు గడియ పెట్టి, మంచినీళ్లు తాగి రా.
5. ఒక బొట్టు స్విచ్ వెయ్యి. రిమోట్‌తో టీవీ పెట్టు.

అరవై ఎందుకంటే, ఆపిన వెంటనే లోపలి కెపాసిటర్లలో కాస్త కరెంటు మిగిలి ఉంటుంది. మూడు సెకన్లకే మీట నొక్కితే ఒక్కోసారి ఆపనట్టే లెక్క. పెరటి తలుపు ఎందుకంటే, డబ్బా లేచి నెట్ అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. "మూడు నిమిషాలు ఆగు" అని రాస్తే అమ్మ ఆగదు, పని చెబితే చేసుకొస్తుంది. టీవీ ముందే లేస్తే నెట్ లేదని తెర మీద ఏదో రాస్తుంది, అమ్మ కంగారుపడి మళ్లీ మొదటికొస్తుంది.

కాగితం నెత్తిన మాత్రం ఎర్ర సిరాతో ఒక మాట రాశాను: ముందు డబ్బా వంక చూడు. LOS అన్నచోట ఎర్ర దీపం ఉంటే కింద రాసినవేవీ చేయకు, నెట్ కుర్రాడికి ఫోన్ చెయ్యి. ఆ దీపం వెలిగిందంటే ఫైబర్ తీగలో వెలుతురు ఇంటిదాకా రావడం లేదన్నమాట. వీధిలో తెగి ఉండొచ్చు, బీరువా వెనక మడతపడి ఉండొచ్చు. డబ్బాని ఎన్నిసార్లు ఆపి వేసినా అది అతుక్కోదు. ఆ సన్నని తీగని పీకి పెట్టకూడదని కూడా రాశాను. కేబుల్ బాక్సులోనో డిష్‌లోనో చూసేవాళ్లకి ఈ కాగితం పనికిరాదు. ఆ బొమ్మ వచ్చే దారి వేరు.

మొన్న ఏడున్నరకి మళ్లీ ఫోన్.

"ఎర్ర దీపం వెలుగుతోందిరా. కుర్రాడికి చెప్పాను, పొద్దున్నే వస్తాడట."

"మరి నాకెందుకు చేశావమ్మా?"

"ఆ కోడలు అత్తగారితో ఏమందో నీ ఫోన్లో చూసి చెబుతావని."