‘రేపు రావొద్దు’ అంటే ఎవరు, ఎప్పుడు?

శుక్రవారం రాత్రి పన్నెండున్నరకు రెస్టారెంట్ వాట్సాప్ గ్రూపులో మేనేజర్ మెసేజ్ పెట్టాడు: “బాయ్స్, రేపు పార్టీ క్యాన్సిల్. ఈవెనింగ్ వాళ్లు రావొద్దు. మళ్లీ చెప్తా.” ఆయన లెక్కలో రేపంటే శనివారం. పొద్దున లేచి చదివినవాడికి మాత్రం ఆదివారం. పైగా వంటవాళ్లూ మానాలా, సర్వర్లేనా? ఆ పూట జీతం మాటేమిటి?

అదే మెసేజ్‌ని నోటీసుగా మారిస్తే ఇలా ఉంటుంది:

“జూన్ 14, శనివారం సాయంత్రం 5 నుంచి 11 వరకు ఉన్న షిఫ్టు బాంక్వెట్ సర్వర్లు నలుగురికీ రద్దు. కారణం, పార్టీ బుకింగ్ రద్దు కావడం. కిచెన్, కింది హాలు డ్యూటీల్లో మార్పు లేదు. ఈ పూటకు జీతం కోత లేదు. చూసినవారు మధ్యాహ్నం 12 లోగా ‘సరే’ అని పెట్టండి. పెట్టనివారికి నేనే ఫోన్ చేస్తాను.”

బ్లూ టిక్కులు పడితే చదివినట్టే అనుకోవద్దు, అందుకే ఆ చివరి రెండు మాటలు. నలుగురి పేర్లూ రాస్తే ఇంకా మేలు. జీతం మాట మాత్రం యజమానిని అడగకుండా రాయకండి. ఇంకా తేలకపోతే ఏ రోజులోగా చెబుతారో రాయండి.