హోంవర్క్‌లో తొంగిచూసే తెలుగు

‘మై ఫాదర్ ఈజ్ ఫార్మర్. హీ గోస్ టు ఫీల్డ్ ఇన్ మార్నింగ్. వుయ్ హావ్ కౌ. కౌ గివ్స్ మిల్క్. ఐ యామ్ స్టడీయింగ్ ఇన్ దిస్ స్కూల్ సిన్స్ టూ ఇయర్స్.’

తెలుగు పిల్లల ఇంగ్లిష్ నోటుబుక్కులు దిద్దే టీచర్లకు ఇలాంటి వాక్యాలు కొత్త కాదు. స్పెల్లింగులు సరిగ్గానే ఉన్నాయి, చెప్పదలచుకున్నదీ తెలుస్తూనే ఉంది. అయినా ఐదు వాక్యాల్లోనూ ఎర్రగీత పడుతుంది. దిద్దినదాన్ని పిల్లలు శుభ్రంగా తిరగరాస్తారు, వారం తిరక్కుండా మళ్ళీ అదే తప్పు చేస్తారు. ఆ తప్పు అజాగ్రత్త వల్ల వచ్చింది కాకపోవడమే కారణం. పిల్లలు ముందు తెలుగులో వాక్యం అనుకుని, దాన్ని మాటకు మాటగా ఇంగ్లిష్‌లోకి దించుతున్నారు. తెలుగులో ఆ వాక్యం ఎలా నడుస్తుందో చూపిస్తే తప్పు ఎక్కడ పుట్టిందో వాళ్ళకే కనిపిస్తుంది.

మనకు లేని ‘ఎ, యాన్, ది’

‘మా నాన్న రైతు’ అంటే తెలుగులో వాక్యం పూర్తయినట్టే. ‘మా నాన్న ఒక రైతు’ అని మామూలుగా అనం. ‘మాకు ఆవుంది. ఆవు పాలిస్తుంది’ అన్నప్పుడు రెండో వాక్యంలోని ఆవు మా ఆవేనని సందర్భమే చెబుతుంది. ఇంగ్లిష్ ఈ పనిని సందర్భానికి వదిలిపెట్టదు. ఏదో ఒక ఆవా, ఇప్పుడే చెప్పుకున్న ఆవా అన్నది ముందున్న చిన్నమాట తేల్చాలి. అందుకే మొదటిసారి ‘వుయ్ హావ్ ఎ కౌ’, రెండోసారి ‘ది కౌ గివ్స్ మిల్క్’. వృత్తి చెప్పేటప్పుడూ అంతే, ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’.

పిల్లలకు ముందుగా నేర్పాల్సిన సూత్రం ఒక్కటే. లెక్కపెట్టగలిగే వస్తువు ఒక్కటే ఉన్నప్పుడు, దాని పేరు ఒంటరిగా నిలబడకూడదు. ఎడమవైపు ‘ఎ’, ‘యాన్’, ‘ది’, ‘మై’, ‘దిస్’, ‘ఎవ్రీ’ వంటి మాట ఏదో ఒకటి ఉండితీరాలి. ‘గో టు స్కూల్’, ‘ఎట్ హోమ్’, ‘బై బస్’ వంటి కొన్ని వాడుకలు దీనికి మినహాయింపు. అవి కొన్నే కాబట్టి విడిగా నేర్చుకోవచ్చు.

పై పేరాలో ‘మిల్క్’ ముందు ఏమీ రాలేదు, ఎందుకంటే పాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టం. అలాంటి మాటలతోనే ఇంకో చిక్కుంది. తెలుగులో ‘ఒక సలహా’, ‘రెండు సలహాలు’ అంటాం కనుక ‘యాన్ అడ్వైస్’, ‘అడ్వైసెస్’ అని రాసేస్తారు. ఇంగ్లిష్‌లో ‘అడ్వైస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఫర్నిచర్’, ‘లగేజ్’, చివరికి ‘హోంవర్క్’ కూడా లెక్కకు రాని మాటలే. వాటికి ‘ఎ’ పెట్టకూడదు, చివర ‘ఎస్’ చేర్చకూడదు. ఒకటని చెప్పాల్సివస్తే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి.

‘ఎ’, ‘యాన్’ల మధ్య తేడాను అక్షరంతో కాక శబ్దంతో తేల్చుకోవాలి. ‘అవర్’ హెచ్ అక్షరంతో మొదలైనా నోటికి అచ్చే వినిపిస్తుంది కనుక ‘యాన్ అవర్’. ‘యూనివర్సిటీ’ యు అక్షరంతో మొదలైనా ‘యూ’ అని పలుకుతాం కనుక ‘ఎ యూనివర్సిటీ’. పైకి చదివి వింటే తేడా తెలుస్తుంది. ‘ఎమ్మెల్యే’కు ‘యాన్’ ఎందుకో కూడా అలాగే అర్థమవుతుంది.

ఎర్రగీతలకు భయపడిన పిల్లలు కొందరు ప్రతి పేరుకూ ‘ది’ తగిలిస్తారు. ఊళ్ళ పేర్లకూ మనుషుల పేర్లకూ అది మామూలుగా అక్కర్లేదు. ‘హైదరాబాద్’ ఉత్తదే, నదులకు మాత్రం ‘ది గోదావరి’, ‘ది కృష్ణా’ అనాలి.

ఒక్క ‘లో’కు నాలుగు మాటలు

ఇక ప్రిపొజిషన్లు. తెలుగు విభక్తి పేరు తర్వాత వస్తుంది, ఇంగ్లిష్ ప్రిపొజిషన్ ముందు వస్తుంది. ఈ తేడాను పిల్లలు త్వరగానే పట్టుకుంటారు. మన విభక్తి ఒక్కటే చేసే పనిని ఇంగ్లిష్ అనేక మాటలకు పంచిందన్నది మాత్రం వాళ్ళకు ఎవరూ చెప్పరు.

‘లో’నే తీసుకోండి. పెట్టెలో ఉన్నది ‘ఇన్ ది బాక్స్’. టీవీలో చూసింది ‘ఆన్ టీవీ’. లెక్కల్లో దిట్ట ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’. బస్సులో వచ్చానంటే ‘ఐ కేమ్ బై బస్’. నాలుగింటికీ మనకు ‘లో’ ఒక్కటే, అందుకే పిల్లలు నాలుగుచోట్లా ‘ఇన్’ పెట్టేస్తారు.

‘నుంచి’ కూడా ఇంతే. ‘సోమవారం నుంచి జ్వరం’, ‘మూడు రోజుల నుంచి జ్వరం’ అని రెండూ మనకు ఒకేలా వస్తాయి. ఇంగ్లిష్‌లో మొదటిది ‘సిన్స్ మండే’, రెండోది ‘ఫర్ త్రీ డేస్’. ‘నుంచి’ ముందున్నది మొదలైన సమయమైతే ‘సిన్స్’, గడిచిన కాలమైతే ‘ఫర్’. మన పేరాలోని రెండేళ్ళు గడిచిన కాలం కాబట్టి ‘ఫర్ టూ ఇయర్స్’ అవ్వాలి. అక్కడ క్రియ కూడా మారుతుంది. ‘చదువుతున్నాను’ అన్నది మనకు ఇప్పటి పనికీ, అప్పట్నుంచి సాగుతున్న పనికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో రెండోదానికి ‘ఐ హావ్ బీన్ స్టడీయింగ్’ అనాలి.

కొన్నిచోట్ల ప్రిపొజిషనే అక్కర్లేదు. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటు వల్ల ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’ వస్తుంది, ‘స్టేషన్‌కు చేరాం’ అనుకోవడం వల్ల ‘రీచ్డ్ టు ది స్టేషన్’ వస్తుంది. ‘డిస్కస్డ్ ఇట్’, ‘రీచ్డ్ ది స్టేషన్’ చాలు. ‘ఇంటికి వెళ్ళాను’ అంటే ‘ఐ వెంట్ హోమ్’, మధ్యలో ‘టు’ రాదు. ‘నా మీద కోపం’ మాత్రం ‘యాంగ్రీ విత్ మి’ అవుతుంది, ‘ఆన్ మి’ కాదు.

వీటన్నిటికీ ఒకే సూత్రం దొరకదు. అందుకే క్రియనూ విశేషణాన్నీ విడిగా కాక, వెంట వచ్చే మాటతో కలిపి నేర్చుకోవాలి. నోటుబుక్కులో ‘గుడ్’ అని కాక ‘గుడ్ ఎట్’ అని, ‘డిపెండ్’ అని కాక ‘డిపెండ్ ఆన్’ అని రాసుకోవాలి. విద్యార్థుల కోసం తయారైన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ వంటి నిఘంటువుల్లో ఈ జతలూ ఉంటాయి, ఏది లెక్కకు వచ్చే మాటో ఏది రానిదో కూడా ఉంటుంది.

రెండుసార్లు చదివితే చాలు

రాయడం అయ్యాక పెన్సిల్‌తో రెండుసార్లు చదవాలి. మొదటిసారి పేర్లన్నిటి కిందా గీత గీసి ఎడమవైపు చూడాలి. లెక్కకు వచ్చే ఏకవచనం ఒంటరిగా ఉందా? రెండోసారి ప్రిపొజిషన్లకు సున్నా చుట్టి, అది తెలుగు విభక్తిని చూసి పెట్టిందా, ఇంగ్లిష్ జతను తలచుకుని పెట్టిందా అని అడుక్కోవాలి. రెండు పనులూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ జారిపోతాయి. అలా చూస్తే మొదటి పేరా ఇలా మారుతుంది:

‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హీ గోస్ టు ది ఫీల్డ్ ఇన్ ది మార్నింగ్. వుయ్ హావ్ ఎ కౌ. ది కౌ గివ్స్ మిల్క్. ఐ హావ్ బీన్ స్టడీయింగ్ ఇన్ దిస్ స్కూల్ ఫర్ టూ ఇయర్స్.’

తల్లిదండ్రులకు, టీచర్లకు ఒక్క మాట. తప్పును మీరే దిద్ది ఇవ్వకండి. తప్పున్న వాక్యం కింద గీత గీసి, ‘దీన్ని తెలుగులో ఎలా అంటావు?’ అని అడగండి. తెలుగు ఎక్కడ అడ్డొచ్చిందో కనిపెట్టాక, దిద్దే పని పిల్లలకే వదిలేయండి.