మసక చెప్పే లెక్క, ప్లేటు చెప్పే లెక్క

పోషక ద్రవంలో చిటికెడు ఈ.కోలై బ్యాక్టీరియా వేసి, 37 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచితే కొన్ని గంటల్లో ద్రవం మసకబారుతుంది. ఆ మసక ఎంతో చెప్పేది స్పెక్ట్రోఫోటోమీటర్. సెంటీమీటరు వెడల్పున్న క్యువెట్‌లో ద్రవం పోసి, 600 నానోమీటర్ల నారింజ రంగు కాంతిని పంపిస్తారు. అవతల పక్కకు ఎంత కాంతి చేరిందో చూసి యంత్రం ఒక అంకె ఇస్తుంది. దాన్నే ల్యాబుల్లో ఓడీ అంటారు. సగం కాంతి చేరితే ఓడీ 0.3, పదో వంతే చేరితే 1.

ఇక్కడ కాంతిని బ్యాక్టీరియా పీల్చుకోవడం లేదు. ఆ కణాలు దాదాపు రంగులేనివి. కాంతిని పక్కలకు చెదరగొడతాయి, అందుకే ఎదురుగా ఉన్న డిటెక్టర్‌కు తక్కువ చేరుతుంది. లేత పసుపు రంగు పోషక ద్రవం ఎక్కువగా నీలి కాంతిని పీల్చుకుంటుంది గనుక దానికి దూరంగా 600ను ఎంచుకున్నారు. అయినా ముందు బ్యాక్టీరియా లేని అదే ద్రవంతో యంత్రాన్ని సున్నా చేయాలి. ఆ పనికి మంచినీళ్లు వాడితే మొదటి రీడింగు నుంచే తప్పు మొదలవుతుంది.

కల్చర్ మరీ చిక్కనైతే ఇంకో చిక్కు. ఒక కణం పక్కకు తోసిన కాంతిని ఇంకో కణం మళ్లీ డిటెక్టర్ వైపు తిప్పుతుంది. దాంతో ఓడీ అసలు కంటే తక్కువ చూపిస్తుంది. నేరుగా పెడితే 2 చూపిన కల్చర్‌నే పదింతలు పలుచన చేసి చూస్తే 0.31 రావచ్చు, అంటే అసలు విలువ 3.1. కాబట్టి 0.4 దాటాక పలుచన చేసి కొలవడమే మేలు. చెదిరిన కాంతిలో ఎంత డిటెక్టర్‌లో పడుతుందన్నది యంత్రం అమరికను బట్టి మారుతుంది. అందుకే ఒకే కల్చర్‌కు రెండు ల్యాబుల అంకెలు కలవకపోయినా ఎవరినీ తప్పు పట్టలేం.

ఇక ప్లేటు లెక్క. ఓడీ 0.5 ఉన్న కల్చర్‌ను పదింతల చొప్పున ఆరుసార్లు పలుచన చేస్తారు, అంటే మొత్తం పది లక్షల రెట్లు. అందులోంచి 0.1 మిల్లీలీటరు అగార్ ప్లేటు మీద పరిచి రాత్రంతా ఉంచితే పొద్దునకు 40 కాలనీలు కనిపించాయనుకుందాం. 40ని పదితో, ఆపై పది లక్షలతో గుణిస్తే మిల్లీలీటరుకు 40 కోట్లు. ఓడీ 1 అంటే సుమారు 80 కోట్ల ఈ.కోలై అని పుస్తకాల్లో ఉండే లెక్కకు ఇది సరిపోయింది. చురుగ్గా పెరుగుతున్న ఆరోగ్యమైన కల్చర్‌లో రెండు లెక్కలూ ఇలాగే చెట్టపట్టాలేసుకుని నడుస్తాయి. అందుకే ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనే భ్రమ పుడుతుంది.

భ్రమ వీడాలంటే ఆ కల్చర్‌ను మూడు భాగాలు చేసి, ఒకదానికి కనామైసిన్ కలిపి చూడాలి. ఈ మందు ప్రొటీన్ల తయారీని దెబ్బతీసి బ్యాక్టీరియాను చంపుతుంది గానీ, కణాలను వెంటనే పగలగొట్టదు. గంట తర్వాత ఓడీ దాదాపు అక్కడే ఉండవచ్చు, ప్లేటు మీద మాత్రం కాలనీలు వెయ్యో వంతుకు పడిపోవచ్చు. చచ్చిన కణమూ కాంతిని చెదరగొడుతుంది మరి. విత్తనాల బస్తా తూకం వేసినంత మాత్రాన ఎన్ని మొలకెత్తుతాయో తెలియదు కదా! ఇలాంటి పరీక్షల్లో తక్కువ పలుచనలతో పాటు మందు కూడా ప్లేటు మీదికి వచ్చి, బతికున్న వాటినీ ఎదగనివ్వదు. కణాలను ముందే కడగకపోతే మందు పనితనం ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది.

రెండో భాగానికి సెఫలెక్సిన్ తగు మోతాదులో కలిపితే కథ ఇంకోలా నడుస్తుంది. అది కణం రెండుగా చీలకుండా అడ్డుకుంటుంది, పొడవు పెరగడాన్ని మాత్రం కొంతసేపు ఆపదు. కణాలు దారాల్లా సాగుతాయి. ఓడీ పెరుగుతూనే ఉంటుంది, కాలనీల సంఖ్య పెరగదు. యంత్రానికి తెలిసేది సుమారుగా కణాల మొత్తం పదార్థమే గానీ వాటి సంఖ్య కాదు.

మందు కలపని మూడో భాగమైనా పోషకాలు అయిపోయాక మారిపోతుంది. కణాలు చిన్నవవుతాయి, అదే ఓడీకి సంఖ్య మారుతుంది. రోజులు గడిచేకొద్దీ కాలనీలు తగ్గుతాయి, మసక మాత్రం చాలావరకు ఉంటుంది. ఓడీ నుంచి సంఖ్య చెప్పదలిస్తే తమ బ్యాక్టీరియాతో, తమ యంత్రంతో, పెరుగుదల దశను బట్టి పట్టిక తయారు చేసుకోక తప్పదు.

ప్లేటు మాటనూ పూర్తిగా నమ్మలేం. గొలుసులుగా అతుక్కుని ఉండే స్ట్రెప్టోకాకస్‌లో గొలుసంతా కలిసి ఒకే కాలనీ అవుతుంది. రీటా కోల్వెల్ బృందం 1982లో కలరా బ్యాక్టీరియా, ఈ.కోలైల మీద జరిపిన పరిశోధనలో మరో సంగతి బయటపడింది. ఉప్పునీటిలో ఉంచిన ఆ కణాలు ప్లేటు మీద కాలనీ కట్టడం మానేశాయి, మైక్రోస్కోపు పరీక్షలో మాత్రం వాటిలో చాలావరకు బతికే ఉన్నట్టు తేలింది.