కాండార్‌కు కాపలా... ఎంతవరకు?

ఒకవైపు మార్కెట్ తరుముకొస్తుంటే, రెండోవైపు ఆప్షన్లను దగ్గరకు జరిపి ప్రీమియం పెంచుకోవడం చాలామంది ట్రేడర్లకు అలవాటు. అది ఎంత కాపాడుతుంది, ఏం తీసుకుపోతుంది?

నిఫ్టీ 24,000 దగ్గర ఉందనుకుందాం. అటూ ఇటూ ఐదొందల పాయింట్లు దాటదని నమ్మిన ట్రేడర్ 24,500 కాల్ అమ్మి, రక్షణగా 24,700 కాల్ కొంటాడు. కిందివైపు 23,500 పుట్ అమ్మి, 23,300 పుట్ కొంటాడు. ఇదే ఐరన్ కాండార్. రెండు వైపులా 30 చొప్పున 60 పాయింట్లు చేతికొచ్చాయనుకుంటే, ఎక్స్‌పైరీ నాడు నిఫ్టీ 23,440, 24,560 మధ్య ఉన్నంతవరకు నష్టం లేదు. స్ట్రైకుల మధ్య దూరం 200 కాబట్టి ఎంత పోయినా 140 పాయింట్లే.

పుట్‌లు పైకి జరిపితే

నిఫ్టీ 24,350కి ఎక్కింది. కాల్ వైపు ప్రమాదం ముంచుకొస్తోంది. పుట్ స్ప్రెడ్ మాత్రం 8 పాయింట్లకు కరిగిపోయింది. దాన్ని తిరిగి కొనేసి, 24,000 పుట్ అమ్మి 23,800 పుట్ కొంటే మళ్లీ 30 వస్తాయి. నికరంగా 22 మిగిలి, మొత్తం ప్రీమియం 82కు చేరుతుంది. గరిష్ఠ నష్టం 118కి దిగుతుంది. ఎక్స్‌పైరీలో నిఫ్టీ ఒకేసారి రెండు వైపులా ఉండలేదు కాబట్టి ఈ లెక్క నిలుస్తుంది.

ఇప్పుడు హద్దులు చూడండి. పైన 24,560 నుంచి 24,582కి జరిగింది, అంటే దక్కింది 22 పాయింట్లే. కింద 23,440 కాస్తా 23,918 అయింది. పైన ఇరవై రెండు కోసం కింద 478 పాయింట్లు వదులుకున్నాం. బ్రోకరేజీ, పన్నులు పోతే ఆ 22 ఇంకా తగ్గుతుంది. పైగా ప్రమాదంలో ఉన్న కాల్ ఉన్నచోటే ఉంది.

జూన్ 2024 చెప్పిన పాఠం

మే 31న నిఫ్టీ 22,530 వద్ద ముగిసింది. ఆ రోజు 23,000 కాల్, 22,000 పుట్ అమ్మిన కాండార్‌ను ఊహించుకోండి. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ ఊపుతో జూన్ 3న సూచీ 23,263 దగ్గర ముగిసింది. కంగారులో పుట్‌ను కూడా 23,000కి జరిపితే అది ఐరన్ ఫ్లై అయిపోతుంది. ఈ సర్దుబాటుకు అదే ఆఖరి మెట్టు. పుట్ స్ట్రైక్ కాల్ స్ట్రైక్‌ను దాటితే ఆ తేడా మేరకు చెల్లింపు తప్పదు.

మర్నాడు ఓట్ల లెక్కింపు. సూచీ 21,884కి కూలింది. జూన్ 6 ఎక్స్‌పైరీ నాడు 22,821 వద్ద ముగిసింది. కదపని కాండార్‌కు పూర్తి ప్రీమియం మిగిలేది. జరిపిన పుట్ మీద మాత్రం 179 పాయింట్లు ఎదురు కట్టాల్సి వచ్చేది. అలాగని కదపకపోవడమే మేలని కాదు. జూన్ 3న ఆ ముగింపు ఎవరికీ తెలియదు. మార్కెట్ వెనక్కి తిరిగితే రోల్ చేసినవాడికి రెండో దెబ్బ తగులుతుందనేదే ఇక్కడి విషయం.

కాబట్టి ఎక్స్‌పైరీకి ఇంకా రోజులుండి, ఖర్చులు పోను చెప్పుకోదగ్గ ప్రీమియం వస్తేనే జరపండి. సూచీ అమ్మిన స్ట్రైక్‌ను దాటేస్తే మాత్రం ప్రమాదంలో ఉన్న వైపునే మూసేసి బయటపడండి. రోల్ నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప, తప్పిన అంచనాను సరిచేయదు.