వార్తల్లో పదం: చీటీ పాట

లక్ష రూపాయల చీటీ, 20 మంది, 20 నెలలు. నిర్వాహకుడి కమీషన్ 5 వేలు. డివిడెండ్ పోగా ప్రతి సభ్యుడూ నెలకు సగటున 4,400 చొప్పున మొత్తం 88 వేలు కడతాడనుకుందాం.

మొదటి నెలలోనే 30 వేలు వదులుకుని పాడుకున్నవారి చేతికి 70 వేలు వస్తాయి. పోయింది 18 వేలేగా అనిపిస్తుంది. కానీ ఆ సొమ్మంతా 20 నెలలూ వారి దగ్గర ఉండదు, వాయిదాల్లో నెలనెలా వెనక్కి పోతుంటుంది. ఆ లెక్కన నెలకు రెండున్నర శాతం, ఏడాదికి సుమారు 30 శాతం వడ్డీ పడ్డట్టు. బంగారం మీద అప్పు ఇంతకంటే చౌకగా దొరకొచ్చు.

చివరిదాకా ఆగినవారికి 95 వేలు అందుతాయి. మిగులు 7 వేలు, అంటే ఏడాదికి సుమారు 9.6 శాతం. అయితే బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంటుంది, చీటీకి ఉండదు. మధ్యలో నిర్వాహకుడు చేతులెత్తేస్తే కట్టిందంతా ఇరుక్కునేది వీరిదే.