కళ్లు మూస్తే భారమంతా చీలమండదే

అరవై రెండేళ్ల పెద్దాయన ఒకరు గోడకు జానెడు దూరంలో, చెప్పులు లేకుండా, నాపరాళ్ల నేల మీద నిలబడి కుడి కాలు ఎత్తారు. మనవరాలు ఫోన్‌లో సెకన్లు లెక్కపెడుతోంది. ఇరవై దాటినా ఆయన నింపాదిగానే ఉన్నారు. ‘‘తాతయ్యా, ఇప్పుడు కళ్లు మూసుకో’’ అందా పిల్ల. ఒకటి, రెండు, మూడు... ఎత్తిన పాదం నేలకు తగిలింది. మరోసారి ప్రయత్నించినా అంతే.

ఆయన చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. అమెరికాలో ఇలాంటి పరీక్షే పెట్టి 2007లో ప్రచురించిన కొలతల్లో, నలభై లోపు వాళ్లు కూడా కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలిచింది సగటున తొమ్మిది, పది సెకన్లే. అరవైల్లో ఉన్నవాళ్లకు అది మూడు సెకన్ల లోపే. కళ్లు తెరిచి ఉంచితే యువకుల్లో చాలామంది ముప్పావు నిమిషం దాకా నిలబడ్డారు. రెప్పలు మూయడమొక్కటే ఇంత తేడా తెచ్చిందంటే, కళ్లు పక్కకు తప్పుకున్నాక పని ఎవరి మీద పడుతున్నట్టు?

ఈ ప్రశ్నకు చాలామంది ఠక్కున చెప్పే జవాబు ‘చెవి’. తూలినా, కళ్లు తిరిగినా ‘చెవిలో బ్యాలెన్స్ పోయింది’ అనడం మనకు అలవాటు. చెవికి పాత్ర ఉన్న మాట నిజమే. కానీ గట్టి నేల మీద కళ్లు మూసుకుని నిలబడినప్పుడు ఎక్కువ కష్టం పడేది కాలు. ఆ కష్టాన్ని చూడాలంటే మొహం వైపు కాదు, పాదం దగ్గర గొంతుక్కూర్చుని చూడాలి.

పాదం ముందు భాగం వెడల్పు సుమారు పది సెంటీమీటర్లు, మడమ అంతకంటే సన్నం. శరీర బరువంతా ఆ కొద్ది జాగాలోనే నిలవాలి. రెండు కాళ్ల మీద ఉన్నప్పుడు పక్కకు ఒరిగితే బరువును ఈ కాలి నుంచి ఆ కాలికి మార్చుకోవచ్చు. ఒంటికాలి మీద ఆ వెసులుబాటు లేదు. అందుకే చీలమండ క్షణం ఊరుకోదు. దాని ముందూ పక్కలా తాళ్లలాంటివి లేచి పడుతూ కనిపిస్తాయి. జనం వాటిని నరాలంటారు గానీ అవి నరాలు కావు, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లు. శరీరం బయటి వైపు ఒరిగితే పాదం తన ఒత్తిడిని చిటికెన వేలి వైపు అంచుకు తోస్తుంది, ఆ నెట్టుడుకు శరీరం లోపలికి వస్తుంది. లోపలికి ఎక్కువగా వస్తే ఒత్తిడి బొటనవేలి వైపు మారుతుంది. పిల్లలు అరచేతిలో కర్రను నిలబెట్టే ఆట ఆడుతుంటారు. కర్ర ఎటు పడబోతే చెయ్యి అంతకంటే ముందుగా అటే పరుగెడుతుంది. పాదం కింద జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ కర్ర మనమే.

ఎటు ఒరుగుతున్నామో తెలిస్తేనే కదా దిద్దుకునేది! కళ్లు మూసి ఉన్నప్పుడు ఆ కబురు మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి అరికాలి చర్మం. ఒత్తిడి మడమ మీద ఉందా, వేళ్ల మీద ఉందా, ఏ అంచున ఉందా అన్నది అది చెబుతుంది. రెండోది కండరాల్లోని గ్రాహకాలు. కండరం మధ్యలో, నూలు వడికే కదురులా మధ్య లావుగా కొసలు సన్నగా ఉండే సూక్ష్మమైన అంగాలుంటాయి. వాటిని కండర కదుళ్లు అనుకోవచ్చు. కండరం సాగితే, ఎంత సాగింది, ఎంత వేగంగా సాగింది అన్న రెండు సంగతులూ అవి వెన్నుపాముకు పంపుతాయి. చీలమండ ఏ కోణంలో ఉందో మెదడు ప్రధానంగా వీటి నుంచే తెలుసుకుంటుంది.

దీన్ని ‘కీళ్ల స్థితిజ్ఞానం’ అంటారు. కానీ ఆ పేరు కొంచెం తప్పుదారి పట్టించేదే. కీలు చుట్టూ ఉండే గ్రాహకాలు గట్టిగా పలికేది చాలావరకు కీలు చివరి హద్దు దాకా వంగినప్పుడే. తుంటి కీలు తీసేసి లోహపు కీలు అమర్చుకున్నవాళ్లకు కళ్లు మూయించి, కాలు ఎటు ఉందని అడిగితే చక్కగా చెబుతారు. పాత కీలు లేదు, కండరాలు మాత్రం ఉన్నాయి. అసలు సాక్షి కండరమేనని ఇంతకంటే తేటగా ఇంకేం చెబుతుంది?

ఆ సాక్షిని మోసం చేయవచ్చు కూడా. కళ్లు మూసుకుని నిలబడిన మనిషి మడమ పైనున్న లావుపాటి టెండన్ మీద, సెకనుకు 80 నుంచి 100 సార్లు అదిరే చిన్న యంత్రం ఆనిస్తే మనిషి వెనక్కి వాలిపోతాడు. ఆ అదురుకు పిక్క కండరంలోని కదుళ్లు ‘సాగుతున్నాం, సాగుతున్నాం’ అని గోల పెడతాయి. పిక్క సాగడమంటే శరీరం ముందుకు పడుతోందని అర్థం. దాంతో మెదడు శరీరాన్ని వెనక్కి లాగేస్తుంది. చెవులు ఎంత బాగున్నా ఈ వాలుడు ఆగదు.

మూడో కబురు చెవి లోపలి నుంచి వస్తుంది. ఒక్కో చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. గొట్టాల్లోని ద్రవం తల తిరుగుడును పట్టుకుంటుంది. సంచుల్లో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు అతికి ఉంటాయి. కడప బండలో ప్రధానంగా ఉండే పదార్థమూ అదే. తల వంగితే ఆ రేణువులు బరువుకు జారి కింద ఉన్న సన్నని కేశాలను వంచుతాయి, వాలు ఎటు ఉందో నరానికి అందుతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. చెవి చెప్పేది తల సంగతే, కాలి సంగతి కాదు. తల వంచితే శరీరం పడిపోతున్నట్టా, లేక మెడ మాత్రమే వంగినట్టా? మెడ కండరాల నుంచి కబురు వస్తే తప్ప మెదడుకు ఆ తేడా తెలియదు. ప్రయోగశాలల్లో చెవుల వెనుక బలహీనమైన విద్యుత్తు పంపి చూస్తారు. తల ఎదురుగా ఉంటే మనిషి పక్కకు ఊగుతాడు. తల పక్కకు తిప్పి అదే విద్యుత్తు ఇస్తే ముందుకో వెనక్కో ఊగుతాడు. చెవి పలికింది అదే మాట, మెడ దాని అర్థం మార్చింది.

రెండో చిక్కు సున్నితత్వానిది. సిడ్నీలో ఫిట్జ్‌ప్యాట్రిక్, మెక్‌క్లోస్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1994లో వెలువరించిన కొలతల ప్రకారం, మెల్లగా ఊగుతున్నప్పుడు కాళ్ల కబురుతో మనిషి డిగ్రీలో ఐదో వంతు కూడా లేని ఒరుగుడును పసిగట్టగలడు. నిలువెత్తు మనిషికి అది తల దగ్గర సుమారు అర సెంటీమీటరు కదలిక. చెవి ఒక్కటే ఆధారమైతే అంతకు ఎన్నో రెట్లు పెద్ద ఊగుడు ఉంటే తప్ప తెలియలేదు. మామూలుగా నిలబడినప్పటి చిన్న ఊగుళ్లు చెవి దాకా చేరనే చేరవు. ఒంటికాలి మీద ఊగుడు పెద్దది కాబట్టి చెవి కూడా రంగంలోకి దిగుతుంది, కానీ కాలు మొదలుపెట్టాకే.

కాలి కబురు పూర్తిగా ఆగిపోతే ఏమవుతుందో ఇయాన్ వాటర్‌మన్ అనే ఇంగ్లిష్ మనిషి జీవితమే చెబుతుంది. 1971లో పందొమ్మిదేళ్ల వయసులో ఆయనకు జ్వరం లాంటి జబ్బు చేసింది. దాని తర్వాత మెడ కింద స్పర్శ, స్థితిజ్ఞానం మోసే నరాలు దెబ్బతిన్నాయి. నొప్పి, వేడి తెలుస్తాయి, కండరాల్లో బలం ఉంది, చెవి బాగుంది. అయినా మంచం మీద కూర్చోలేకపోయాడు. తన కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో చూస్తే గానీ తెలియదు. నెలల తరబడి సాధన చేసి, ప్రతి కదలికనూ కంటితో చూసుకుంటూ మళ్లీ నడిచాడు. అలా నేర్చుకున్నాక కూడా గదిలో దీపం ఆరిపోతే కుప్పకూలేవాడు. ఆయన గురించి వైద్యుడు జోనథన్ కోల్ 1991లో పుస్తకం రాశారు. మంచి చెవి ఉన్నంత మాత్రాన చీకట్లో నిలబడలేమనడానికి ఇంతకు మించిన రుజువు దొరకదు.

మరి చెవి ఎప్పుడు పెద్దరికం తీసుకుంటుంది? నేల నమ్మదగనిదైనప్పుడు. పెద్దాయనను ఈసారి రెండు కాళ్ల మీదే, మెత్తటి దిండు మీద నిలబెట్టి కళ్లు మూయించండి. దిండు కుంగినప్పుడల్లా చీలమండ వంగుతుంది, కానీ ఆ వంపుకూ శరీరపు ఒరుగుడుకూ పొంతన ఉండదు. మెదడు ఆ సాక్షిని పక్కనబెట్టి చెవి మాట వింటుంది. గట్టి నేల మీద, వెలుతురులో, రెండు కాళ్లతో నిలబడినప్పుడు కాళ్ల కబురుకు దాదాపు 70 శాతం, చెవికి 20, కంటికి 10 శాతం విలువ ఇస్తుందని పరిశోధకుల లెక్క. నేల కదిలితే చెవి వాటా బాగా పెరుగుతుంది.

ఈ తేడా వైద్యులకు ఎంతో ఉపయోగం. గట్టి నేల మీద పాదాలు జోడించి, కళ్లు తెరిచి నిలిచిన మనిషి, కళ్లు మూయగానే పడబోతే అనుమానం ముందుగా కాలి నరాల మీదకు, వెన్నుపాము మీదకు వెళ్తుంది. గట్టి నేల మీద బాగానే ఉండి, దిండు మీద మాత్రమే పడిపోతే చెవిని పరీక్షిస్తారు. మొదటి పరీక్షకు బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్ పేరుంది. సిఫిలిస్ ముదిరి వెన్నుపాము వెనుక భాగం పాడైన రోగులు కళ్లు మూస్తే తూలడాన్ని ఆయన 1840లలో రాసిన గ్రంథంలో వర్ణించారు. అలాంటి రోగులు సబ్బు నురగతో కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటూ పడిపోయేవారు.

ఇప్పుడు మన ఇళ్లలో ఆ సబ్బు నురగ కథ వేరే కారణాలతో వినిపిస్తోంది. చక్కెర జబ్బు ఏళ్లు గడిస్తే పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి, పొడవైనవి కాలి వేళ్ల దాకా వెళ్లేవే. మాంసం, పాలు అంతగా తీసుకోనివాళ్లలో, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గినా ఇదే జరుగుతుంది. వీళ్లు చెప్పే మాటలు వైద్యులకు బాగా తెలిసినవే: ‘దూది మీద నడుస్తున్నట్టుంది’, ‘చెప్పు జారిపోయినా తెలియడం లేదు’, ‘చీకట్లో బాత్‌రూమ్‌కి వెళ్తే తూలుతున్నా’. వైద్యుడు రోగి కళ్లు మూయించి, బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని పైకీ కిందికీ కొద్దిగా కదిపి ‘ఎటు?’ అని అడుగుతారు. సరిగ్గా చెప్పలేకపోతే కబురు దారిలో తెగుతున్నట్టే.

మూడు సెకన్లకే పాదం దించిన పెద్దాయనకు ఈ జబ్బులేవీ ఉండకపోవచ్చు. ఒంటికాలి పరీక్ష చాలా కఠినం, తుంటి నీరసంగా ఉన్నా, మోకాలు నొప్పిగా ఉన్నా, కాలు ఈ మధ్యే బెణికినా అందులో తప్పుతారు. అందుకని దాన్ని బట్టి భయపడకండి. గోడలు కలిసే మూలకు వీపు పెట్టి, పక్కన ఒకరిని ఉంచుకుని చేయండి, తడి నేల మీద వద్దు. కానీ రెండు పాదాలూ జోడించి నిలబడినా కళ్లు మూయగానే తూలుతుంటే, చెప్పు జారినా తెలియకపోతే, చెవి చుక్కల మందు కోసం మందుల షాపుకు వెళ్లకండి. నరాల వైద్యుడికి మీ పాదాలు చూపించండి, బి12 పరీక్ష గురించి అడగండి.